మీ సైట్‌లో మొదటి ఫొటో ఎందుకు ఆలస్యంగా వస్తోంది: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడి ప్రశ్నలన్నీ ఒకే పేజీ చుట్టూ తిరుగుతాయి. చెక్క ఫర్నిచర్ చేసే ఒక చిన్న వర్క్‌షాప్ హోమ్ పేజీ అనుకోండి. పైన లోగో, మెనూ, వాటి కింద స్క్రీన్ వెడల్పంతా పరుచుకున్న ఒక పెద్ద టేబుల్ ఫొటో, ఇంకా కిందికి వెళ్తే 24 వస్తువుల ఫొటోలు, చివర్లో ఒక మ్యాప్, ఓ మూలన చాట్ బటన్. ఫోన్‌లో టెస్ట్ చేస్తే ఆ పెద్ద ఫొటో కనిపించడానికి 6.4 సెకన్లు పడుతోంది. దాన్ని 1.7కి తేవడానికి ఏమేం చేయాలో, మధ్యలో ఎక్కడెక్కడ దెబ్బ తింటామో చెప్పుకుందాం. ఈ లెక్కలు ఉదాహరణ కోసం వేసినవే, మీ పేజీలో వేరుగా ఉంటాయి, కానీ కారణాలు మాత్రం చాలావరకు ఇవే.

మా ఆఫీసులో సైట్ టక్కున తెరుచుకుంటుంది. కస్టమర్లేమో స్లో అంటున్నారు. ఎవరి మాట నిజం?

ఇద్దరి మాటా నిజమే. మీరు ఆ సైట్‌ని రోజుకు పదిసార్లు తెరుస్తారు కాబట్టి ఫొటోలు, స్క్రిప్టులు అన్నీ మీ బ్రౌజర్ దగ్గర ముందే దాచి ఉంటాయి, పైగా మీ చేతిలో ల్యాప్‌టాప్, మంచి వైఫై. మొదటిసారి వచ్చేవాళ్ల దగ్గర ఇవేవీ ఉండవు. వాళ్లు చూసేది మీరూ చూడాలంటే క్రోమ్‌లో కొత్త ఇన్‌కాగ్నిటో విండో తెరిచి, F12 నొక్కి, `Network` ట్యాబ్‌లో `Disable cache` టిక్ పెట్టి, స్పీడ్ దగ్గర `Slow 4G` ఎంచుకుని పేజీని మళ్లీ లోడ్ చేయండి. క్రోమ్‌లోనే ఉండే స్పీడ్ టెస్ట్ టూల్ లైట్‌హౌస్ తన మొబైల్ టెస్ట్‌లో లెక్కేసుకునే వేగం 1.6 ఎంబీపీఎస్, అంటే సెకనుకు దాదాపు 200 కేబీ. ఈ ఒక్క అంకె గుర్తుపెట్టుకోండి, కింద చాలాసార్లు పనికొస్తుంది.

పేజ్‌స్పీడ్ స్కోరు 100 రావాలా?

అక్కర్లేదు. స్కోరు ఒకేరోజు రెండుసార్లు చూస్తే రెండు రకాలుగా వస్తుంది, దాని గురించి టెన్షన్ పడకండి. నాలుగైదుసార్లు టెస్ట్ చేసి మధ్యలో ఉన్నదాన్ని తీసుకోండి, అది కూడా మార్పుకు ముందూ తర్వాతా పోల్చుకోవడానికి మాత్రమే.

నేనైతే ముందు `LCP` చూస్తాను. పేజీ తెరవగానే కనిపించే భాగంలో అన్నిటికంటే పెద్ద ఫొటో గానీ పేరా గానీ తెర మీదకు రావడానికి పట్టిన సమయం అది. మీ సైట్‌కి వచ్చిన సందర్శనల్లో కనీసం 75 శాతానికి అది 2.5 సెకన్ల లోపు ఉంటే బాగున్నట్టు. గూగుల్ వాళ్ల టెస్ట్ సైట్ పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో పైన కనిపించేది గత 28 రోజుల్లో నిజమైన క్రోమ్ యూజర్లకి ఎదురైన వేగం, కింద కనిపించేది అప్పటికప్పుడు చేసిన టెస్ట్. సందర్శకులు తక్కువగా ఉండే సైట్లకి పై భాగం ఖాళీగా ఉండొచ్చు, అప్పుడు కింది టెస్ట్‌తోనే పని నడపాలి.

ఆ 6.4 సెకన్లు ఎక్కడ పోతున్నాయో ఎలా తెలుసుకోవాలి?

ఇది తెలుసుకోకుండా ఏ ప్లగిన్నూ ఇన్‌స్టాల్ చేయొద్దు, దయచేసి. క్రోమ్‌లో `Performance` ట్యాబ్‌కి వెళ్లి పేజీని రికార్డ్ చేస్తే `LCP breakdown` అని వస్తుంది. అందులో ఆ ఫొటో సమయం నాలుగు ముక్కలుగా కనిపిస్తుంది.

మన పేజీలో మొదటి ముక్క, అంటే సర్వర్ నుంచి హెచ్‌టీఎంఎల్ రావడం మొదలయ్యేదాకా, 0.9 సెకన్లు. తర్వాత 1.9 సెకన్లు బ్రౌజర్ ఆ ఫొటోని అడగనేలేదు. అడిగాక అది దిగడానికి 2.8. దిగిపోయాక కూడా తెర మీదకు రావడానికి ఇంకో 0.8. అన్నీ కలిపితే 6.4.

ఈ నాలుగు ముక్కలకి మందులు వేరువేరు. ఫొటో ఫార్మాట్ మార్చడం మూడో ముక్కకి మాత్రమే పనిచేస్తుంది. లేజీ లోడింగ్, అంటే ఫొటో తెర దగ్గరికి వచ్చేదాకా దాన్ని తెచ్చుకోకుండా ఆగడం, తప్పుగా పెడితే రెండోది పెరుగుతుంది. పేజీ క్యాషింగ్ మొదటిదాన్ని తగ్గిస్తుంది. స్క్రిప్టుల బరువు నాలుగోదాంట్లో ఎక్కువగా బయటపడుతుంది. చాలామంది ఫొటోలు కంప్రెస్ చేసి, తేడా రాలేదని నిరాశపడేది ఇందుకే, సమయం పోతున్నది ఒకచోటైతే మందు ఇంకోచోట వేస్తున్నారు.

ఫొటోని కంప్రెస్ చేశాను. ఇంకా 560 కేబీ ఉంది. ఇంకెంత తగ్గించాలి?

క్వాలిటీ తగ్గించడం ఆపి ముందు ఫొటో కొలతలు చూడండి. మన టేబుల్ ఫొటో 2400 × 1600 పిక్సెళ్లు. ఫోన్ తెర సీఎస్‌ఎస్ లెక్కలో 390 పిక్సెళ్ల వెడల్పు. స్క్రీన్ సాంద్రత మూడింతలు అనుకున్నా 1170 చాలు, నిజానికి రెండింతల దగ్గర, అంటే సుమారు 800 దగ్గర ఆపేసినా మామూలు ఫొటోలో తేడా కనిపెట్టడం కష్టం. 2400 × 1600 అంటే 38 లక్షల పిక్సెళ్లు, 800 × 533 అంటే నాలుగు లక్షల పైచిలుకు. తొమ్మిదో వంతు! ఏ ఫార్మాటూ ఒక్కటే ఇంత తగ్గించలేదు.

560 కేబీని సెకనుకు 200 కేబీతో భాగిస్తే 2.8 సెకన్లు, మన మూడో ముక్క సరిగ్గా అదే. 800 వెడల్పుతో వెబ్‌పీ చేస్తే ఇలాంటి ఫొటో 70 కేబీ దగ్గర ఉంటుంది అనుకుందాం. లెక్క ప్రకారం 0.35 సెకన్లు, అదే సమయంలో సీఎస్‌ఎస్ కూడా దిగుతుంటుంది కాబట్టి 0.5 అనుకోండి.

పెద్ద తెరల వాళ్లకి పెద్ద ఫొటో, ఫోన్ వాళ్లకి చిన్నది వెళ్లాలంటే ఇలా రాయాలి:

```html
<img src="table-800.webp"
  srcset="table-800.webp 800w, table-1600.webp 1600w"
  sizes="100vw"
  width="1600" height="1067"
  fetchpriority="high" alt="టేకు డైనింగ్ టేబుల్">
```

ఇందులో చాలామంది తప్పు చేసేది `sizes` దగ్గర. ఫొటో తెరలో సగమే ఆక్రమిస్తున్నా `100vw` అని వదిలేస్తే బ్రౌజర్ మీ మాట నమ్మి పెద్ద ఫైలునే తెచ్చుకుంటుంది. ఇంకో సంగతి, ఇక్కడ 1600 ఫైలు కూడా ఉంది కాబట్టి సాంద్రత మూడింతలున్న ఫోన్ 1170 కావాలనుకుని ఆ 1600నే అడగొచ్చు. అది మీకు బరువనిపిస్తే మధ్యలో 1200 వెడల్పుది ఒకటి చేర్చండి. ఏ ఫైలు వచ్చిందో `Network` ట్యాబ్‌లో పేరు చూస్తే తెలిసిపోతుంది.

వెబ్‌పీ మంచిదా, ఏవిఫ్ మంచిదా?

చిన్న సైట్‌కి వెబ్‌పీ ఒక్కటే చాలు అని నా అభిప్రాయం. సఫారీ 2020లో 14వ వెర్షన్ నుంచి దాన్ని చూపిస్తోంది, మిగతా పెద్ద బ్రౌజర్లు అంతకుముందు నుంచే చూపిస్తున్నాయి, కాబట్టి ఇప్పుడు జేపెగ్ కాపీ వేరుగా పెట్టుకోవాల్సిన అవసరం దాదాపు లేదు. ఏవిఫ్ తరచుగా ఇంకా చిన్నగా వస్తుంది, కానీ ఫైలు తయారవడానికి ఎక్కువసేపు పడుతుంది, సఫారీలో 16వ వెర్షన్ నుంచే పనిచేస్తుంది, అందుకని పాత ఫోన్ల కోసం `<picture>` పెట్టి రెండు కాపీలు మెయింటైన్ చేయాలి. ఆ పైనున్న ఒక్క పెద్ద ఫొటోకి చేస్తానంటే చేయండి, మిగతా 24 ఫొటోలకి ఆ శ్రమ దండగ.

లోగో ఉంటే ఎస్‌వీజీగా పెట్టండి. అక్షరాలున్న స్క్రీన్‌షాట్లకి మామూలు వెబ్‌పీ వాడితే అంచులు మసకబారతాయి, వాటికి లాస్‌లెస్ వెబ్‌పీ గానీ పీఎన్‌జీ గానీ మేలు.

వెబ్‌పీకి మార్చాక కొన్ని ఫొటోలు పక్కకి తిరిగిపోయాయి, రంగులు కూడా వెలిసినట్టున్నాయి. ఏమైంది?

ఫోన్‌ని నిలువుగా పట్టుకుని తీసినా చాలాసార్లు కెమెరా ఫొటోని అడ్డంగానే సేవ్ చేసి, "దీన్ని తిప్పి చూపించు" అని ఫైల్లో ఒక చిన్న గుర్తు రాసిపెడుతుంది. వెబ్‌పీకి మార్చే `cwebp` టూల్‌ని మామూలుగా వాడితే ఆ గుర్తుని తీసేస్తుంది, ఫొటోని మాత్రం తిప్పదు. రంగుల సంగతీ అంతే. కొన్ని ఫోన్లు ఎక్కువ రంగులు పట్టే ప్రొఫైల్‌తో ఫొటో తీస్తాయి, ఆ ప్రొఫైల్ పోతే రంగులు పాలిపోతాయి. ఇమేజ్‌మ్యాజిక్‌తో అయితే ముందు తిప్పి తర్వాత చిన్నది చేయొచ్చు:

```
magick table.jpg -auto-orient -resize 800x -quality 75 table-800.webp
```

75 దగ్గర మొదలుపెట్టి చెక్క గీతలు, బట్ట నేత లాంటి సన్నని చోట్ల చూడండి. అక్కడ అతుకులు అతుకులుగా కనిపిస్తే 80కి పెంచండి. ఒరిజినల్ ఫైలుని మాత్రం ఎప్పుడూ పారేయకండి, ఒకసారి కుదించినదాన్నే మళ్లీ కుదిస్తే ప్రతిసారీ పాడవుతుంది.

అన్ని ఫొటోలకీ లేజీ లోడింగ్ పెట్టాను. స్పీడ్ పెరగాల్సింది పోయి తగ్గింది!

అన్నిటికీ పెట్టడమే తప్పు. ఇది నేను అందరికంటే ఎక్కువసార్లు చెప్పే మాట, అందుకే కొంచెం వివరంగా చెప్తాను.

బ్రౌజర్‌కి హెచ్‌టీఎంఎల్ చేతికి రాగానే, పేజీని గీయడం మొదలుపెట్టకముందే, దాన్ని గబగబా ముందుకు చదువుకుంటూ పోయి "ఏ ఫైళ్లు కావాలి" అని చూసి అడగడం మొదలుపెడుతుంది. మీ పెద్ద ఫొటో మామూలు `<img src>`గా ఉంటే అక్కడే దొరికిపోతుంది. దానికి `loading="lazy"` పెట్టారనుకోండి, ఇది నిజంగా తెర మీద కనిపించే చోట ఉందా లేదా తేలేదాకా బ్రౌజర్ ఆగాలి, అది తేలాలంటే సీఎస్‌ఎస్ మొత్తం దిగి పేజీ లేఅవుట్ అవ్వాలి.

పాత లేజీ లోడ్ ప్లగిన్లు ఇంకా ఘోరం. అవి అసలు ఫొటో చిరునామాని `data-src`లో దాచేస్తాయి. ముందుకు చదివే ఆ పనికి అక్కడ ఫొటో ఉన్నట్టే తెలియదు, స్క్రిప్టు దిగి, నడిచి, `src`లోకి మార్చాకే డౌన్‌లోడ్ మొదలవుతుంది. మన పేజీలో ఆ 1.9 సెకన్లు పోయింది సరిగ్గా ఇక్కడే. ఫొటోని సీఎస్‌ఎస్‌లో `background-image`గా పెట్టినా ఇలాంటి ఆలస్యమే, ఎందుకంటే సీఎస్‌ఎస్ దిగేదాకా అలాంటి ఫొటో ఒకటుందని బ్రౌజర్‌కి తెలియదు.

కాబట్టి తెరవగానే కనిపించే పెద్ద ఫొటోకి లేజీ తీసేయండి, `fetchpriority="high"` పెట్టండి. ఇది ఒక్క ఫొటోకే, ఐదింటికి పెడితే దేనికీ ప్రాధాన్యం ఇవ్వనట్టే. సరిగ్గా పడిందో లేదో చూడాలంటే `Network` ట్యాబ్‌లో ఆ ఫొటో వరస ఎక్కడ మొదలైందో చూడండి, హెచ్‌టీఎంఎల్ తర్వాత దాదాపు వెంటనే, సీఎస్‌ఎస్‌తో పాటే మొదలవ్వాలి. వర్డ్‌ప్రెస్ 6.3 నుంచి ఇది తనంతట తానే ఊహించి పెడుతుంది, కానీ స్లైడర్లు, పేజ్ బిల్డర్లు ఉన్నచోట ఆ ఊహ తప్పొచ్చు, సోర్స్ తెరిచి చూసుకోవాల్సిందే.

మరి కింది 24 ఫొటోలకి?

వాటికి `loading="lazy"` తప్పకుండా పెట్టండి, ప్లగిన్ అవసరం లేదు, బ్రౌజర్లే ఆ పని చేస్తాయి. `width`, `height` కూడా రాయండి, లేకపోతే ఒక్కో ఫొటో దిగినప్పుడల్లా కింది రాతలు ఎగిరి పడతాయి, చదువుతున్నవాళ్లు ఒకటి నొక్కబోయి ఇంకోటి నొక్కుతారు.

"లేజీ పెట్టినా కొన్ని ఫొటోలు ముందే దిగిపోతున్నాయి" అని అడుగుతుంటారు. అది తప్పు కాదు. స్క్రోల్ చేసేసరికి ఫొటో సిద్ధంగా ఉండాలని క్రోమ్ తెరకి చాలా కింద ఉన్నవాటిని కూడా తెచ్చిపెట్టుకుంటుంది, నెట్ మెల్లగా ఉంటే ఇంకా దూరం నుంచే.

బ్రౌజర్ క్యాష్ ఎన్నాళ్లు పెట్టాలి?

ఫొటోలు, సీఎస్‌ఎస్, స్క్రిప్టులు, ఫాంట్లకి ఒక సంవత్సరం. హెచ్‌టీఎంఎల్‌కి మాత్రం కాదు. అపాచీ సర్వర్ అయితే `.htaccess`లో ఇది చాలు, హెడర్స్ మాడ్యూల్ ఆన్‌లో ఉండాలి:

```
<FilesMatch "\.(webp|avif|css|js|woff2)$">
  Header set Cache-Control "public, max-age=31536000, immutable"
</FilesMatch>
```

పడిందో లేదో `curl -I` తర్వాత ఆ ఫొటో చిరునామా ఇచ్చి చూడండి, జవాబులో అదే లైన్ కనిపించాలి.

హెచ్‌టీఎంఎల్‌కి `no-cache` పెట్టండి. పేరు చూసి దాచుకోవద్దని అర్థం అనుకుంటారు, కాదు. దాచుకో, కానీ వాడే ముందు ప్రతిసారీ సర్వర్‌ని అడుగు అని దాని అర్థం. మారకపోతే సర్వర్ `304` అని చిన్న జవాబిస్తుంది, పేజీ మళ్లీ దిగదు. అసలు దాచుకోవద్దని చెప్పేది `no-store`.

ఫొటో మార్చాను. కొందరికి ఇంకా పాతదే కనిపిస్తోంది.

అదే పేరుతో కొత్త ఫైలు పెట్టి ఉంటారు. సంవత్సరం వరకు మారదని మీరే బ్రౌజర్‌కి చెప్పారు, అది మీ మాట మీదే నిలబడింది. మీ ఫైళ్ల కాపీలు ఉంచుకుని పంచే సీడీఎన్ సర్వర్లలో క్యాష్ క్లియర్ చేసినా లాభం లేదు, ఎందుకంటే పాత కాపీ ఉన్నది కస్టమర్ ఫోన్లో, అక్కడికి మీ చేయి చేరదు. ఫైలు పేరు మార్చడమే నమ్మకమైన దారి, `table-800.webp` బదులు `table-v2-800.webp` పెట్టి హెచ్‌టీఎంఎల్‌లో కూడా మార్చండి. హెచ్‌టీఎంఎల్ ప్రతిసారీ సర్వర్‌ని అడుగుతుంది కాబట్టి కొత్త పేరు వెంటనే అందుతుంది. పేర్లు మార్చే అలవాటు మీ టీమ్‌కి లేదనుకుంటే సంవత్సరం పెట్టొద్దు, ఒక రోజుతో సరిపెట్టుకోండి.

మొదటిసారి వచ్చేవాళ్లకి క్యాష్ వల్ల ఏం ఒరుగుతుంది?

బ్రౌజర్ క్యాష్ వల్ల ఏమీ లేదు. వాళ్లకి పనికొచ్చేది సర్వర్ వైపు పేజీ క్యాష్. ప్రతి సందర్శనకీ డేటాబేస్‌ని అడిగి పేజీని కొత్తగా తయారుచేసే బదులు, ఒకసారి తయారైన హెచ్‌టీఎంఎల్‌ని ఉంచుకుని ఇచ్చేస్తుంది. మన మొదటి ముక్క 0.9 నుంచి 0.3కి దిగేది దీంతోనే. కార్ట్, లాగిన్, ఖాతా పేజీలని మాత్రం తప్పకుండా దీంట్లోంచి తప్పించండి, లేకపోతే ఒకరి కార్ట్ ఇంకొకరికి కనిపించే ప్రమాదం ఉంది.

ఫొటో దిగిపోయినట్టు `Network`లో ఉంది, తెర మీద మాత్రం లేదు. ఎందుకు?

అది నాలుగో ముక్క, అక్కడ నేరం స్క్రిప్టులది. ఫొటో 70 కేబీ అయితే దిగాక డీకోడ్ చేసి చూపించడమే పని. 300 కేబీ స్క్రిప్టు అయితే దిగాక విప్పాలి, చదవాలి, నడపాలి. ఆ పనిలో ఎక్కువ భాగం జరిగేది పేజీని గీసే అదే థ్రెడ్ మీద, కాబట్టి అది నడుస్తున్నంతసేపూ తెర కదలదు, బటన్ నొక్కినా పలకదు. మామూలు ఫోన్లో ఇది ల్యాప్‌టాప్‌లో కంటే ఎన్నో రెట్లు ఎక్కువసేపు పడుతుంది.

మన పేజీలో పెద్ద ఫొటో ఒక స్లైడర్ లోపల ఉంది, స్లైడర్లో ఉన్నదేమో ఒక్క ఫొటో. తన స్క్రిప్టు సిద్ధమయ్యేదాకా స్లైడర్ దాన్ని దాచి ఉంచుతుంది. స్లైడర్ తీసేసి మామూలు `<img>` పెడితే ఆ దాపరికమే ఉండదు.

మిగతా స్క్రిప్టుల్లో దోషి ఎవరో పట్టుకోవడానికి తేలికైన పద్ధతి ఒకటుంది. `Network` ట్యాబ్‌లో ఒక స్క్రిప్టు మీద రైట్ క్లిక్ చేస్తే దాన్ని బ్లాక్ చేసే ఆప్షన్ వస్తుంది. బ్లాక్ చేసి మళ్లీ లోడ్ చేయండి, టైమ్ ఎంత తగ్గిందో చూడండి, తర్వాత ఇంకోటి. కేబీలు లెక్కపెట్టడం కంటే ఇది నమ్మకమైన కొలత, చిన్న స్క్రిప్టు కూడా ఒక్కోసారి లోపలికి వచ్చాక ఇంకో పదింటిని పిలుచుకొస్తుంది. చాట్ విడ్జెట్లు సరిగ్గా ఇలాగే చేస్తాయి. మూలన మామూలు బటన్ ఒకటి పెట్టి, దాన్ని నొక్కినప్పుడే అసలు చాట్ స్క్రిప్టు దిగేలా చేయండి. మ్యాప్‌కి కూడా ముందు ఒక ఫొటో పెట్టి, నొక్కితే మ్యాప్ తెరుచుకునేలా చేస్తే చాలు. మీ సొంత స్క్రిప్టులకి `defer` పెట్టండి, అవి పేజీ చదవడాన్ని ఆపవు, వరస కూడా తప్పవు. `async` అయితే ఏది ముందు దిగితే అది నడుస్తుంది, ఒకదాని మీద ఒకటి ఆధారపడే స్క్రిప్టులు అప్పుడు విరిగిపోతాయి.

జేక్వెరీని పబ్లిక్ సీడీఎన్ నుంచి తెస్తే అందరి బ్రౌజర్లలో ముందే ఉంటుంది కదా?

ఒకప్పటి మాట. క్రోమ్ 2020లో క్యాష్‌ని సైట్ల వారీగా విడగొట్టింది, వేరే సైట్‌లో దిగిన కాపీ మీ సైట్‌కి పనికిరాదు. మీ సర్వర్ మీదే పెట్టుకోండి, ఇంకో డొమైన్‌కి కనెక్ట్ అయ్యే సమయమైనా మిగులుతుంది.

ఏది ముందు చేయాలి? ఒక్కోదానికి ఎంత తేడా వస్తుంది?

మన పేజీలో వరసగా చూద్దాం. ముందు ఫొటోని చిన్నది చేశాం. దిగే సమయం 2.8 నుంచి 0.5కి పడిపోయింది, కాబట్టి మొత్తం 4.1 అవుతుందనుకుంటాం, కానీ వచ్చింది 4.5. ఫొటో త్వరగా వచ్చి స్లైడర్ కోసం కూర్చుంది, నాలుగో ముక్క 0.8 నుంచి 1.2కి పెరిగింది.

తర్వాత లేజీ తీసేశాం. 1.9 కాస్తా 0.3 అయింది, 1.6 సెకన్లు మిగలాలి, మిగిలింది 0.6 మాత్రమే, మొత్తం 3.9. ఫొటో 1.7 సెకన్లకే చేతికొచ్చి, ఇంకా 2.2 సెకన్లు తెర వెనకే ఉండిపోయింది. ఇక్కడే చాలామంది "ఇది కూడా పనిచేయలేదు" అని చేసిన మార్పుని వెనక్కి తీసేస్తారు. తీయకండి. నాలుగు ముక్కల్ని మళ్లీ చూస్తే ఆలస్యమంతా చివరి ముక్కలోకి చేరిందని స్పష్టంగా కనిపిస్తుంది.

అప్పుడు స్లైడర్ తీసేసి, చాట్‌ని బటన్ వెనక పెట్టాం. 2.2 కాస్తా 0.6 అయింది, మొత్తం 2.3. చివరగా పేజీ క్యాష్‌తో ఇంకో 0.6 తగ్గి 1.7కి వచ్చింది.

ఒక్కసారికి ఒక్క మార్పే చేయండి, ప్రతిదాని తర్వాతా నాలుగు అంకెలూ రాసి పెట్టుకోండి. టెస్ట్‌లో ఫలితం ఆ రోజే కనిపిస్తుంది. పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ పై భాగంలోని అంకె మాత్రం 28 రోజుల లెక్క కాబట్టి కొంచెం కొంచెంగా కదులుతుంది, పాత రోజులన్నీ ఆ లెక్కలోంచి వెళ్లిపోయేదాకా పూర్తి తేడా అక్కడ కనిపించదు.